తీసి పెట్టడమా, పెట్టి తీయడమా?

సందేహం: మేము డిగ్రీలో క్వాంటం భౌతికశాస్త్రం చదువుతున్నాము. a†a అన్నదానిని మా తరగతిలో "ఒక బోసాన్‌ను సృష్టించి నాశనం చేయడం" అని తెలుగులో చెప్పుకొంటున్నాము. ఈ వాక్యం సరైనదేనా? నాశనం అన్న మాట ఇక్కడ తగునా?
– ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

సమాధానం: వాక్యంలో వ్యాకరణదోషం లేదు, అర్థమే తలకిందులైంది. తెలుగులో క్త్వార్థకం ముందు జరిగిన పనిని ముందే చెబుతుంది. "తిని వెళ్ళాడు" అంటే తినడం ముందు, వెళ్ళడం తరువాత. మీ ఊరి వీధుల్లో ఒడియావారు "ఖాయి గలా" అన్నా అదే వరుస. సూత్రం మాత్రం కుడినుంచి పని మొదలుపెడుతుంది. స్థితికి దగ్గరగా ఉన్న a, అంటే బోసాన్‌ను తీసేది, ముందు తగులుతుంది, పెట్టే a† తరువాత. కనుక a†a అంటే "తీసి పెట్టడం"; మీరు చెప్పుకొంటున్నది aa†.

వరుస మారితే ఏమవుతుందని అడగవచ్చు. సంచిలో ఒక కాయ పెట్టి తీసినా, తీసి పెట్టినా కాయలు అన్నే ఉంటాయి కదా. బోసాన్ల దగ్గర కూడా సంఖ్య అంతే ఉంటుంది గాని, స్థితి ముందు నిలిచే గుణకం మారుతుంది. ఒకే స్థితిలో మూడు బోసాన్లు ఉన్నదానిని |3⟩ అని రాస్తాము. దాని నుంచి ఒకటి తీస్తే √3|2⟩ వస్తుంది, తిరిగి పెడితే మరొక √3 వచ్చి చేరుతుంది, మొత్తం 3|3⟩. అంటే తీసి పెట్టడం మూడు అని లెక్క చెబుతుంది, అందుకే a†a ను సంఖ్యా ఆపరేటర్ అంటారు. ముందు పెడితే √4|4⟩, ఆ నాలుగింటిలోంచి తీస్తే మళ్ళీ √4, మొత్తం 4|3⟩. పెట్టే వేళకు మూడున్నవి తీసే వేళకు నాలుగయ్యాయి, తేడా అక్కడ పుట్టింది. స్థితిలో ఎన్ని ఉన్నా ఆ తేడా ఒకటే: aa† − a†a = 1.

వరుస తప్పారో లేదో తెలుసుకోవడానికి ఖాళీ స్థితి |0⟩ మీద ప్రయోగించి చూడండి. అక్కడ తీయడానికి ఏమీ లేదు కనుక తీసి పెట్టడం సున్న ఇవ్వాలి. ఒకటి వచ్చిందంటే మీరు పెట్టి తీశారన్నమాట. ఆ సున్ననూ శూన్యస్థితినీ ఒకటిగా చదవడం ఈ మధ్య అలవాటైపోయింది. |0⟩ ఒక స్థితి, బోసాన్లు లేని స్థితి. 0 అసలు స్థితే కాదు. ఖాళీ కుండకూ కుండే లేకపోవడానికీ ఉన్న భేదం మన భాషకు తెలియనిది కాదు, చదివేవారి తొందరకే తెలియదు.

ఇక నాశనం మాటకు వస్తాను. నాకు ఇష్టమైన చోటు ఇదే. పాణినీయ ధాతుపాఠం నశ్ ధాతువుకు "అదర్శనే" అని అర్థం చెబుతుంది, అంటే కనబడకపోవడం. పాణిని లోపాన్ని నిర్వచించినదీ "అదర్శనం లోపః" అనే. వ్యాకరణంలో లోపించిన అక్షరం కాలి బూడిదైపోలేదు, ఆ చోట కనబడడం లేదు, అంతే. సృజ్ ధాతువుకు అర్థం "విసర్గే", అంటే విడవడం. విసర్జన, ఉత్సర్గం దాని సంతానమే. కాబట్టి సృష్టి అంటే లేనిదానిని పుట్టించడమని కాక, ఒకదానిని ఒక స్థితిలోకి విడవడమని చదవండి, శాస్త్రంతో ఎంత చక్కగా అతుకుతుందో చూడండి. అణువులో పడిన కాంతి శోషితమైతే ఫోటాన్ నిజంగానే పోతుంది. చల్లార్చిన రుబీడియం-87 పరమాణువులు కూడా బోసాన్లే. రెండు గుంటల్లో అవి |2,1⟩ గా, అంటే మొదటిదానిలో రెండు, రెండవదానిలో ఒకటిగా ఉన్నప్పుడు మొదటి గుంట నుంచి ఒకటి తీసి రెండవదానిలో పెడితే a₂†a₁|2,1⟩ = 2|1,2⟩ అవుతుంది. ఇక్కడ ఏ పరమాణువూ నశించలేదు, ఒక గుంటలో కనబడనిది మరొకదానిలో ఉంది. పంట మునిగినా పరీక్ష పోయినా "సర్వనాశనం" అని రాసే పత్రికల వాడుకతో ఆ ధాతువు పాత అర్థం మరుగున పడిపోయింది.

మరి ఏమనాలి? పాఠ్యంలో సృష్టి, నాశ అనే ఉంచుకోవచ్చు, పై అర్థం మనసులో ఉంటే తప్పులేదు. నోటితో చెప్పేటప్పుడు పెట్టడం, తీయడం నాకు హాయిగా తోస్తాయి. ఆపరేటర్‌ను కారకమనడం మాత్రం నాకు రుచించదు, వ్యాకరణంలో ఆ పేరుకు వేరే పని ఉంది. స్థితికి ఎన్ని అన్న లెక్కను "ఆక్రమణ సంఖ్య" అంటే పోరంబోకు తగాదా గుర్తుకు వస్తుంది. "ఉనికి సంఖ్య" మెరుగేమో.

మీ తరగతిలో ఎవరైనా "మూడవ బోసాన్‌ను తీశాము" అంటే అదీ సరిదిద్దండి. |3⟩ "ఎన్ని?" అన్న ప్రశ్నకే జవాబిస్తుంది, "ఏది?" అన్నదానికి ఇవ్వదు. రెండు బోసాన్లకు పేర్లు పెట్టి రెండు గుంటల్లో ఉంచితే నాలుగు విధాలు. పేర్లు తీసేస్తే |2,0⟩, |1,1⟩, |0,2⟩ అని మూడే. "మూడు" చాలు, "వ" అక్కర్లేదు.