ఆఫర్‌కి "సరే" అని రాసేటప్పుడు

బంగారూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన మెయిల్ ముసాయిదా పొద్దున్నే చదివాను. ఉద్యోగం వచ్చినందుకు చాలా సంతోషం. ఆ మెయిల్ మాత్రం ఇంకా పంపకు. అందులో "ధన్యవాదాలు" ఐదు సార్లు ఉంది, "కలలో కూడా అనుకోలేదు" ఒకసారి, ఆశ్చర్యార్థకాలు లెక్కపెట్టడం మధ్యలో మానేశాను. ఉద్యోగం ఒప్పుకుంటున్నావన్న మాట మూడో పేరాలో ఎక్కడో ఉంది. ఏ రోజు చేరతావన్నది అసలు లేనేలేదు.

ఇన్నేళ్లు హెచ్‌ఆర్‌లో ఇలాంటి మెయిళ్లు అందుకున్నదాన్ని కాబట్టి అవతలి మనిషి ఎలా చదువుతారో చెప్తాను. ఒకే రోజు నలుగురైదుగురికి ఆఫర్లు వెళ్లి ఉంటాయి. మెయిల్ తెరవగానే కళ్లు మూడింటి కోసం వెతుకుతాయి: ఒప్పుకున్నారా, ఎప్పుడు చేరుతున్నారు, సంతకం చేసిన లేఖ జతచేశారా. ఒకతను నాకు ఎంతో ఆప్యాయంగా పేజీన్నర రాశాడు. రెండు సార్లు చదివినా వస్తున్నాడో, మర్యాదగా తప్పుకుంటున్నాడో తేలలేదు. చివరికి ఫోన్ చేసి అడగాల్సి వచ్చింది. పాపం, అతను నొచ్చుకున్నాడు కూడా.

ఇక నీ విషయంలో మాటల కన్నా ముఖ్యమైన చిక్కు ఒకటుంది. ఆఫర్ లేఖ రెండో పేజీ మళ్లీ చూడు. చేరే తేదీ జులై 1 అని ఉంది. ఫోన్‌లో జులై 7 అని మాట్లాడుకున్నామని నువ్వే నాకు చెప్పావు. "వాళ్లకి తెలుసు కదా పెద్దమ్మా" అంటావు. ఫోన్‌లో మాట్లాడినాయనకి తెలుసు, లేఖ తయారుచేసినావిడకి తెలియకపోవచ్చు. రేపు ఎవరు చూసినా కాగితం మీదున్నదే చూస్తారు.

లెక్క వేసి చూడు. ఇవాళ జూన్ 3, మంగళవారం. నీ నోటీసు 30 రోజులు. రేపు రాజీనామా ఇస్తే చివరి రోజు జులై 4, శుక్రవారం అవుతుంది. అంటే ఎంత తొందరపడ్డా జులై 1న చేరలేవు. అదే జులై 7 సోమవారం అయితే, రాజీనామా ఈ శుక్రవారం, అంటే జూన్ 6న ఇచ్చినా సరిపోతుంది. ఆఫర్‌కి జవాబు ఇవ్వాల్సిన గడువూ ఆ శుక్రవారమే, సాయంత్రం 5 గంటలకి. కాబట్టి నీకు మూడు రోజుల వెసులుబాటుంది, టెన్షన్ పడక్కర్లేదు. కానీ మొదటి మెయిల్ మాత్రం ఇవాళే వెళ్లాలి.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. "ఒప్పుకుంటున్నాను, కానీ 7న చేరతాను" అని ఒకే మెయిల్‌లో రాసేస్తారు. వినడానికి సాఫీగానే ఉంటుంది. కానీ ఒప్పుకోవడం అంటే లేఖలో ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవడం. అందులో ఒక షరతు మార్చి ఒప్పుకుంటే, చాలా చోట్ల చట్టం దాన్ని అంగీకారంగా చూడదు, నువ్వు కొత్తగా పెట్టిన ప్రతిపాదనగా చూస్తుంది. అంత దూరం వెళ్లకపోయినా, జులై 1 అని ఉన్న కాగితం మీద నీ సంతకం, జులై 7 అని నీ మెయిల్, రెండూ ఫైల్లో పక్కపక్కన ఉండిపోతాయి. అందుకని ముందు తేదీ సరిచేయించుకో, ఆ తర్వాతే ఒప్పుకో. ఇవాళ ఇంతే రాయి:

"ఆఫర్ లేఖ అందింది, ధన్యవాదాలు. ఇందులో చేరే తేదీ జులై 1 అని ఉంది. గురువారం ఫోన్‌లో జులై 7 అని అనుకున్నాం. నా నోటీసు వ్యవధి 30 రోజులు కావడంతో అంతకు ముందు చేరలేను. తేదీ సవరించిన లేఖ పంపగలరా? అందిన రోజే సంతకం చేసి పంపుతాను."

ఇందులో క్షమాపణలు వద్దు. "మీకు శ్రమ ఇస్తున్నందుకు" లాంటివీ వద్దు. తేదీ తప్పు పడింది, సరిచేయమంటున్నావు, అంతే. రేపు మధ్యాహ్నానికి జవాబు రాకపోతే ఫోన్ చెయ్యి.

సవరించిన లేఖ రాగానే తేదీ ఒక్కటే చూసి ఊరుకోకు. హోదా, జీతం, పనిచేసే చోటు, ప్రొబేషన్ ఎన్నాళ్లో అన్నీ పాత లేఖతో పోల్చు. ఒకటి దిద్దబోయి ఇంకోటి చెడగొట్టడం మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తేం కాదు. తర్వాత, వాళ్లు లేఖ పంపిన మెయిల్‌కే జవాబుగా, సబ్జెక్ట్ మార్చకుండా ఇలా రాయి:

"నమస్కారమండీ,

జూన్ 4న మీరు పంపిన సవరించిన లేఖలోని షరతుల ప్రకారం సీనియర్ అనలిస్ట్ ఉద్యోగాన్ని అంగీకరిస్తున్నాను. సంతకం చేసిన లేఖ జతచేశాను. జులై 7, సోమవారం చేరతాను.

రెండో ఇంటర్వ్యూలో మేనేజర్‌గారు మొదటి ఆరు నెలల పని ఎలా ఉంటుందో దాచకుండా చెప్పారు. నిర్ణయం తీసుకోవడానికి అది బాగా ఉపయోగపడింది. ఆయనకీ మీకూ ధన్యవాదాలు.

చేరేలోపు నేను పంపాల్సిన పత్రాలు ఏవో, మొదటి రోజు ఎన్ని గంటలకు వచ్చి ఎవరిని కలవాలో తెలియజేయగలరు."

కింద నీ పేరు, ఫోన్ నంబరు. లేఖకి తేదీ ఎందుకు వేయించానో గమనించావా? ఇప్పుడు నీ దగ్గర రెండు లేఖలున్నాయి, ఏది ఒప్పుకున్నావో తెలియాలి. జీతం అంకె మెయిల్‌లో మళ్లీ రాయనక్కర్లేదు, లేఖలో ఉంది. రాయబోయి ఒక సున్నా అటూ ఇటూ అయితే అదో కొత్త తలనొప్పి.

కృతజ్ఞత ఒక్కసారే చెప్పించాను. పొడిగా ఉందనిపిస్తుందేమో. కానీ చూడు, అది ఫలానా మనిషి చేసిన ఫలానా పనికి చెప్పిన ధన్యవాదం. ఆ వాక్యాన్ని ఎవరూ ఇంకో కంపెనీకి కాపీ చేసి పంపలేరు. "ఈ అపురూపమైన అవకాశం ఇచ్చినందుకు సదా రుణపడి ఉంటాను" అన్నదాన్ని ఎవరికైనా పంపొచ్చు, అందుకే చదివేవాళ్లకి అది ఆనదు. పైగా వాళ్లు నీకు దానమేం చేయడం లేదు. నువ్వు పని చేస్తావు, వాళ్లు జీతమిస్తారు. చేరాక ఒక రోజు జీతం పెంచమని అడగాల్సింది కూడా ఈ నువ్వే.

పంపే ముందు జతచేసిన ఫైల్ ఒకసారి తెరిచి చూసుకో. సంతకం ఉన్న చివరి పేజీ ఒక్కటే స్కాన్ చేసి పంపేవాళ్లు ఎందరో. లేఖ మొత్తం ఒకే పీడీఎఫ్‌గా ఉండాలి. ఫైల్ పేరు ఫోన్ పెట్టిన అంకెల వరస కాకుండా నీ పేరుతో ఉంటే వెతుక్కునేవాళ్లకి సుఖం.

రాజీనామా సంగతి. సవరించిన లేఖ చేతికొచ్చి, నీ అంగీకారం అందిందని వాళ్ల దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చాకే ఇవ్వు. "పాత ఉద్యోగాల వివరాలు సరిచూసుకున్నాకే ఈ ఆఫర్ ఖాయం" లాంటి షరతు కొన్ని లేఖల్లో ఉంటుంది. అలా ఉంటే ఆ పరిశీలన తేలేదాకా ఆగాలి, చేరే తేదీ కూడా దాన్నిబట్టే అడగాలి. నీ లేఖ అంతా చూశాను, అలాంటిదేం లేదు. సవరించిన దాంట్లో కొత్తగా చేర్చారేమో చూసుకో.

మేనేజర్‌గారికి విడిగా రాయాలనుంటే రెండు లైన్లు చాలు, అదీ హెచ్‌ఆర్‌కి పంపిన తర్వాతే.

సవరించిన లేఖ రాగానే నాకూ పంపు. సాయంత్రం ఖాళీగానే ఉంటాను, ఇద్దరం ఒకసారి చూద్దాం.

మీ పెద్దమ్మ