విడిగా బాగున్న ఫ్రేములు వరసలో పెడితే ఎందుకు తేడా కొడతాయి?

"20 సెకన్ల ప్రోడక్ట్ యాడ్‌కి స్టోరీబోర్డ్, అంటే షాట్లని వరసగా బొమ్మల్లో చూపించే బోర్డు, గీస్తున్నాను. ఫ్రేములు విడివిడిగా బాగానే వస్తున్నాయి. వరసగా పెడితే మాత్రం అమ్మాయి వేరే అమ్మాయిలా, గది వేరే గదిలా ఉంటోంది. మొహం ఎన్నిసార్లు దిద్దినా అంతే. ఏం చేయాలి?"

ముందు మొహం దిద్దడం ఆపేయండి. బోర్డు చూసేవాళ్ల కన్ను మొహం దగ్గర చాలా క్షమిస్తుంది. ఏ వస్తువు ఏ పక్కన ఉంది, వెలుతురు ఎటు నుంచి వస్తోంది అన్న దగ్గర అస్సలు క్షమించదు. మొహం మారిందని మీకు అనిపిస్తున్నా, చాలాసార్లు నిజంగా మారినవి ఆ రెండే.

ఇది నాకు ఒక టేబుల్ ల్యాంప్ యాడ్ నేర్పింది. అది కూడా 20 సెకన్లే, 8 ఫ్రేములు, ఒకే గది. సాయంత్రం వెలుగు తగ్గుతుంటుంది. చదువుకుంటున్న అమ్మాయి పుస్తకాన్ని కళ్లకి దగ్గరగా తెచ్చుకుంటుంది, చెయ్యి చాచి ల్యాంప్ వేస్తుంది, మళ్లీ చదువులో పడుతుంది. చివర్న ల్యాంప్ ఒక్కటే. నేను మొహం మీదే రెండు రోజులు కూర్చున్నాను. మీటింగ్‌లో డైరెక్టర్ బోర్డు చూసి అడిగిన మొదటి మాట: "ఇంతకీ ల్యాంప్ ఆమెకి ఏ పక్కన ఉంది?"

మూడో ఫ్రేమ్‌లో కెమెరా అమ్మాయికి ఎదురుగా ఉంది. ల్యాంప్ ఆమె కుడిచేతి పక్కన, కాస్త ముందుకి ఉంది కాబట్టి తెర మీద ఎడమవైపు కనిపిస్తుంది. ఆమె చూపూ ఎడమకే. నాలుగో ఫ్రేమ్‌కి కెమెరాని ఆమె వీపు వెనక పెట్టాను. అక్కడి నుంచి చూస్తే అదే ల్యాంప్ కుడివైపు వస్తుంది. విడిగా చూస్తే రెండూ సరైనవే. పక్కపక్కన పెడితే మాత్రం ల్యాంప్ బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి గెంతినట్టుంది. దీన్నే 180 డిగ్రీల రూల్ తప్పడం అంటారు: అమ్మాయికీ ల్యాంప్‌కీ మధ్య ఒక గీత ఉందనుకుంటే, కెమెరా ఎప్పుడూ ఆ గీతకి ఒకే పక్కన ఉండాలి. నేను రెండో పక్కకి దాటేశాను.

అందుకే ఇప్పుడు మొదటి ఫ్రేమ్ కంటే ముందు గదిని పైనుంచి చూసినట్టు ఒక ప్లాన్ గీస్తాను. అందంగా ఉండక్కర్లేదు, పెట్టెలు చాలు. ఆ గదికి ఇలా వేశాను: నడుమ బల్ల, అమ్మాయి ముందు ఖాళీ స్థలం, ఆమె ఎడమకి కిటికీ, కుడికి తలుపు, వెనక పుస్తకాల అల్మారా. అమ్మాయి నుంచి ల్యాంప్ దాకా ఒక గీత. ఇక 8 షాట్లకీ కెమెరా ఎక్కడుందో చిన్న V గుర్తుతో, నంబరు వేసి పెట్టాను. నాలుగో V మాత్రమే గీతకి అవతల పడింది. దాన్ని వీపు వెనక నుంచి తీసి కిటికీ వైపుకి జరిపాను. ఇప్పుడు ఆమె ఎడమ భుజం మీదుగా చూస్తాం. అమ్మాయి తెర మీద కుడివైపు, ల్యాంప్ ఎడమవైపు, వెనక తలుపు. ల్యాంప్ గెంతడం పోయింది. ఈ ఫ్రేమ్ వెనక అల్మారా గీయకూడదని కూడా ప్లానే చెప్పింది. అంతకుముందు అలవాటుకొద్దీ ప్రతి ఫ్రేమ్‌లోనూ అల్మారా గీసేసేవాణ్ణి, గది మారినట్టు కనిపించడానికి సగం కారణం అదే.

వెలుతురు కూడా ఆ కాగితం మీదే తేలాలి. కిటికీ దగ్గర ఒక బాణం, ల్యాంప్ దగ్గర ఒక బాణం గీయండి. మా కథలో ల్యాంప్ వెలిగేదాకా ఎదురు షాట్లలో వెలుగు కుడి నుంచి వచ్చి నీడ ఎడమకి పడాలి. వెలిగాక సరిగ్గా తిరగబడాలి. కిటికీ వైపు నుంచి తీసే నాలుగో షాట్‌లో ల్యాంప్ ఇంకా ఆరిపోయే ఉంది. వెలుగు కెమెరా వెనక నుంచి వస్తుంది కాబట్టి మొహం మీద నీడే ఉండదు, అంతా చదునుగా కనిపిస్తుంది. నేను ఒక బూడిద రంగు, ఒక నలుపు, కాగితం తెలుపు తప్ప ఇంకేమీ వాడను. మూడు టోన్లలో నీడ తప్పు పక్కన పడితే వెంటనే తెలిసిపోతుంది, పది రంగుల్లో దాక్కుంటుంది.

గది కొలతలు కుదిరాయో లేదో తెలుసుకోవడానికి ఒక కిటుకు ఉంది. కెమెరా కూర్చున్న మనిషి కంటి ఎత్తులో, వాలకుండా ఉంటే, ఆ ఎత్తులో ఉన్నవన్నీ బొమ్మలో ఒకే అడ్డగీత మీద, అంటే హొరైజన్ గీత మీదే పడతాయి. అంటే ఆ గీత ప్రతి ఫ్రేమ్‌లో ఆమె కళ్లని, అల్మారాలో అదే అరని దాటాలి. ఒక ఫ్రేమ్‌లో మూడో అరని, ఇంకోదానిలో నాలుగో అరని దాటితే, మీరు తెలియకుండా కెమెరా ఎత్తు మార్చారు, లేదా అల్మారాని మార్చారు.

ఇక అమ్మాయి. ఎదురుగా, ముప్పావు వంతు మొహం కనిపించేలా తిరిగి, పక్కనుంచి, ఇలా మూడు బొమ్మలు ఒకే కాగితం మీద గీసుకుని ఎదురుగా అంటించుకోండి. ప్రతి ఫ్రేమ్‌లో మొహం పోలిక రాకపోయినా మనిషిని గుర్తుపట్టించే ఆనవాళ్లు రెండు మూడు చాలు. మా అమ్మాయికి గుండ్రటి కళ్లజోడు, ఎడమ భుజం మీదుగా ముందుకి వేసిన జడ, ఎడమ చేతికి వాచీ. ఆనవాలు ఒక పక్కనే ఉంటే మంచిది, కానీ అదే ప్రమాదం కూడా. ఐదో ఫ్రేమ్ ల్యాంప్ స్విచ్ మీద వేలు క్లోజప్. ల్యాంప్ ఆమెకి కుడివైపు ఉంది కాబట్టి ఆ చెయ్యి కుడిదే. నేను దానికి వాచీ గీసేశాను, చెయ్యి అనగానే వాచీ అన్నట్టు! ఏడో ఫ్రేమ్ కథ ఇంకోటి. డిజిటల్‌లో గీసేవాళ్లం తప్పులు పట్టుకోవడానికి కాన్వాస్‌ని అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తిప్పి చూస్తాం కదా, నేను తిప్పి, మళ్లీ యథాస్థానానికి తేవడం మర్చిపోయి సేవ్ చేశాను. జడ కుడి భుజానికి వెళ్లిపోయింది, ల్యాంప్ మీద బ్రాండ్ పేరు తలకిందులు కాకపోయినా అద్దంలో అక్షరాల్లా తయారైంది. ప్రోడక్ట్ వాళ్లకి అది చూపించడం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ప్రోడక్ట్‌ని మాత్రం ప్రతిసారీ చేత్తో గీయకండి. ఎదురు, పక్క, పైనుంచి ఫోటోలు తీసి, వాటి మీద ట్రేస్ చేసి అవే అతికించండి. సైజుకి మనిషినే కొలగా పెట్టుకోండి: మాది 40 సెంటీమీటర్ల ల్యాంప్, బల్ల మీద పెడితే కూర్చున్న అమ్మాయి ముక్కు ఎత్తుకి వచ్చేది. నా మొదటి బోర్డులో ఒకచోట ఆమె గడ్డం దగ్గర, ఇంకోచోట తలకంటే ఎత్తున ఉంది.

అన్నీ అయ్యాక ఫ్రేములన్నిటినీ అగ్గిపెట్టె సైజుకి తగ్గించి ఒకే పేజీలో పెట్టండి. కథ చదవకుండా ఒక్క వస్తువునే ఒకటి నుంచి ఎనిమిది దాకా కంటితో వెంబడించండి. ఒకసారి వాచీ, ఒకసారి ల్యాంప్, ఒకసారి నీడ. అన్నీ ఒకేసారి చూడాలనుకుంటే ఏదీ కనిపించదు. నాకు వాచీ తప్పు ఇలాగే దొరికింది, కాకపోతే బోర్డు పంపించేసిన మర్నాడు.

క్లోజప్‌ల వెనక గది మొత్తం గీయాలని టెన్షన్ పడకండి. ప్లాన్ ప్రకారం అక్కడ ఉండాల్సిన టోన్ ఒకటి పులిమితే చాలు. షూటింగ్‌లో కూడా క్లోజప్ కోసం వస్తువుల్ని కాస్త జరిపేస్తుంటారు. అటూ ఇటూ జరిగినా పర్లేదు, పక్క మాత్రం మారకూడదు.