పేరుపేరునా అంటే పేర్లు ఉండాలి

ప్రశ్న: చాలాకాలం వెతికాక మంచి ఉద్యోగం దొరికింది. లింక్డిన్‌లో చెప్పాలని ఉంది, సాయం చేసినవాళ్లకు కృతజ్ఞతలు కూడా. గొప్పలు చెప్పుకుంటున్నట్టు అనిపించకుండా ఎలా రాయాలి?

గాజువాకలో ఒక ఆడిటర్ దగ్గర ఆరేళ్లు లెక్కలు చూశాక, నిరుడు రుషికొండలోని ఒక సంస్థలో డేటా అనలిస్టుగా చేరాను. ఆ సంగతి చెప్పడానికి మొదట రాసుకున్న పోస్టులో ఈ వాక్యం ఉండేది: "ఈ ప్రయాణంలో నా వెన్నంటి నిలిచిన గురువులకు, మిత్రులకు పేరుపేరునా ధన్యవాదాలు." మా అక్కకు చదివి వినిపించాను. "పేరుపేరునా అన్నావు, ఒక్క పేరూ లేదు కదా" అంది.

ఆ మాట పట్టుకుని మళ్లీ మొదలుపెట్టాను. కాగితం మీద ఎవరు ఏ పని చేశారో రాసుకున్నాను, గుణాలు కాదు, పనులు. ఉదాహరణకు మా ఎదురింటి లెక్చరర్ గారు. మొదటి చిత్తులో ఆవిడ "ఎంతో ప్రోత్సహించారు". అసలు జరిగింది వేరు. రెండు నెలలు రాత్రి భోజనాలయ్యాక నన్ను కూర్చోబెట్టుకుని, పట్టికల్లోంచి సమాచారం తీసే SQL నేర్పారు. ఖాతాదారుల పట్టికనూ చెల్లింపుల పట్టికనూ కలిపితే, ఒక్క రూపాయి కూడా కట్టనివాళ్లు జాబితాలోంచి మాయమవుతున్నారు. INNER JOIN రెండు పట్టికల్లోనూ ఉన్నవాళ్లనే చూపిస్తుందని, అందరూ కనబడాలంటే ఖాతాదారుల పట్టికను ముందు పెట్టి LEFT JOIN వాడాలని ఆవిడ చెప్పారు. ఇంటర్వ్యూలో దాదాపు అదే ప్రశ్న వచ్చింది. కాబట్టి పోస్టులో ఇలా రాశాను: "బాకీదారులు జాబితాలోంచి ఎందుకు తప్పిపోతున్నారో ఫలానా గారు నేర్పారు. ఇంటర్వ్యూలో నేను ధైర్యంగా చెప్పిన జవాబు అదే." ఇక్కడ ఫలానా అంటున్నాను గాని, అక్కడ ఆవిడ పేరే ఉంది.

వాక్యం సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి నేను చేసేది ఒకటే. అందులోని పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టి చూస్తాను. అప్పటికీ వాక్యం చెల్లుతుంటే ఇంకా రాయలేదన్నమాట. ఇలా రాసినప్పుడు మీ గురించి విడిగా పొగుడుకోవలసిన పనీ ఉండదు, మీరు పడిన శ్రమ వాళ్లు చేసిన పనిలోంచే కనబడుతుంది.

అయితే పేరు పెట్టే ముందు ఆ మనిషిని అడగాలి. ఎవరి వాక్యం వాళ్లకు వాట్సాప్‌లో పంపాను. నా దరఖాస్తును లోపల అందించిన సీనియర్ వద్దన్నారు. పేరు బయటపడితే తెలియనివాళ్లంతా రెజ్యూమేలు పంపుతారు, పైగా ఆయన నియామకాల్లో కూడా కూర్చుంటారు. తీసేశాను. ఆదివారం మాడుగుల హల్వా పట్టుకుని ఎంవీపీ కాలనీలో ఆయన ఇంటికి వెళ్లి ఆ మాట ఎదురుగా చెప్పి వచ్చాను. ఆడిటర్ గారు ఇంటర్వ్యూల రోజుల్లో నన్ను నాలుగింటికే పంపేవారు. ఆ వివరం వద్దని, మిగిలిన సిబ్బంది ఏమనుకుంటారోనని అన్నారు. లెక్క సరిపోయేదాకా కాగితం వదలకూడదని నేర్పారని మార్చాను, అదీ నిజమే.

ఉద్యోగం సంగతి మాత్రం దాచకుండా మొదటి వాక్యంలోనే చెప్పండి: ఏ సంస్థ, ఏ హోదా, ఎప్పటినుంచి. లింక్డిన్‌లో మొదటి కొన్ని పంక్తులే కనబడతాయి, మిగతాది నొక్కితేగాని తెరుచుకోదు. అందుకే రెండో వాక్యంలోనే లెక్చరర్ గారి పేరు పెట్టాను. జీతం, ఎంతమందిలో ఎంపికయ్యాను అన్నవి తీసేశాను. నాకు గొప్పగా వినిపించినవి ఆ రెండే. "వినమ్రంగా ప్రకటిస్తున్నాను" అనే మాట కూడా కొట్టేశాను, వినయాన్ని ప్రకటించి చూపించలేం.

ఆఫర్ లెటర్ రాగానే కాకుండా చేరాకే పెట్టండి. ధ్రువపత్రాల పరిశీలనలో ఆలస్యమో ఇబ్బందో వస్తే చెప్పిన మాట వెనక్కి తీసుకోవడం కష్టం. ప్రొఫైల్‌లో కొత్త ఉద్యోగం చేర్చేటప్పుడు Notify network అనేది ఆపి ఉంచండి, లేకపోతే మీ పోస్టుకంటే ముందే అందరికీ కబురు వెళ్లిపోవచ్చు.

ఇంకొక ఫోను కూడా చేశాను. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో నాతోపాటు చదివిన స్నేహితుడు అదే ఇంటర్వ్యూకు వచ్చాడు, అతనికి రాలేదు. తెరమీద చూసి తెలుసుకోవడం బాగుండదని ముందురోజు సాయంత్రమే చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఏయే ప్రశ్నలు అడిగారని అడిగాడు, గంటసేపు మాట్లాడుకున్నాం. అతని పేరు పోస్టులో పెట్టనా అని అప్పుడు అడగలేకపోయాను, పెట్టలేదు.

పోస్టు కింద లెక్చరర్ గారి పాత విద్యార్థులు ఇద్దరు తమకూ ఆవిడ అలాగే ఇంట్లో కూర్చోబెట్టి నేర్పారని రాశారు. ఆవిడకు లింక్డిన్ లేదు. ఎదురింటికి వెళ్లి ఫోనులో చదివి వినిపించాను.