కోల్డ్ స్టోరేజీల విలీనం: ఖర్చు తగ్గి, కిరాయి పెరిగితే లెక్క ఎటు తేలుతుంది?

ప్రశ్న: వరంగల్‌లో రెండు కోల్డ్ స్టోరేజీలు ఒకే యజమాని చేతికి వచ్చాయి. మిర్చి బస్తా కిరాయి పెరిగింది. అయినా ఖర్చు ఆదా అయింది కాబట్టి మొత్తం సంక్షేమం పెరిగిందని మా ఎం.ఏ. క్లాసులో చెప్పారు. రైతు ఎక్కువ కడుతుంటే సంక్షేమం పెరగడమేమిటి?

జవాబు: ఏనుమాముల మార్కెట్‌కు దగ్గరలోని ఒక కోల్డ్ స్టోరేజీలో నేను చాలా ఏళ్లు లెక్కలు రాశాను. పక్క స్టోరేజీని మా యజమాని కొన్నప్పుడు రెండు చోట్ల పుస్తకాలూ నా బల్ల మీదికే వచ్చాయి. అందుకే ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. అసలు అంకెలు బయట పెట్టలేను గనుక సులువైన ఊహా అంకెలతో చెబుతాను.

బస్తాకు ఖర్చు 100 రూపాయలు, కిరాయి కూడా 100, సీజనుకు లక్ష బస్తాలు అనుకోండి. విలీనం తర్వాత కిరాయి 110 అయింది, బస్తాలు 90,000కు తగ్గాయి, ఖర్చు 97కు దిగింది. మిగిలిన 90,000 బస్తాల మీద రైతులు అదనంగా కట్టేది 9 లక్షలు. మొత్తం సంక్షేమం లెక్కలో ఈ 9 లక్షలు నష్టం కాదు. రైతు జేబులోంచి యజమాని జేబులోకి వెళ్లాయి, అంతే. నష్టంగా పట్టేది స్టోరేజీకి రాకుండా పోయిన 10,000 బస్తాలనే. 100 నుంచి 110 లోపు కిరాయి మాత్రమే గిట్టుబాటయ్యే ఆ రైతులు కోత కాగానే వచ్చిన ధరకు అమ్మేసుకున్నారు. వాళ్లు పోగొట్టుకున్నది సగటున బస్తాకు 5 రూపాయలు, అంటే 50,000. ఆదా మాత్రం 90,000 బస్తాలకు 3 రూపాయల చొప్పున 2 లక్షల 70 వేలు. 1968లో అమెరికా ఆర్థికవేత్త ఆలివర్ విలియమ్సన్ చూపించింది ఇదే: కిరాయి పది శాతం పెరిగినా బస్తాకు అర్ధ రూపాయికి కాస్త పైన ఆదా అయితే చాలు, లెక్క విలీనం వైపే మొగ్గుతుంది. మీ క్లాసులో చెప్పింది ఇంతవరకు నిజం.

అయితే ఈ లెక్క మొదట్లో కిరాయి, ఖర్చు సమానమని అనుకుంది. మార్కెట్ చుట్టూ ఉన్నవి కొన్ని స్టోరేజీలే అయినప్పుడు అలా ఉండదు. విలీనానికి ముందే కిరాయి 120, ఖర్చు 100 అనుకోండి. ఇప్పుడు కిరాయి 130 అయి అదే 10,000 బస్తాలు తగ్గితే, రైతుల 50,000తో పాటు ఆ బస్తాల మీద యజమానులకు వచ్చే 20 రూపాయల మిగులు కూడా పోతుంది. అది 2 లక్షలు. మొత్తం నష్టం 2 లక్షల 50 వేలు. ఆదా 2 లక్షల 70 వేలే కాబట్టి తేడా వెంట్రుకవాసి. అంటే ముందు నుంచే పోటీ తక్కువగా ఉన్న చోట చిన్న ఆదా చాలదు.

ఇక ఆ 3 రూపాయల్లో ఏమున్నాయో విప్పి చూడాలి. నా పుస్తకాల్లో నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే. సగం నిండిన గదిని చల్లగా ఉంచడానికి అమ్మోనియా కంప్రెసర్ తాగే కరెంటు నిండు గదికంటే పెద్దగా తగ్గదు. రెండు చోట్ల సగం సగం ఉన్న సరుకును ఒకచోట నింపి, రెండో కంప్రెసర్‌ను ఆపితే అది నిజమైన ఆదా: దేశానికి కరెంటు మిగిలింది. కానీ మా దగ్గర ‘ఆదా’ పద్దులో హమాలీల కూలి కోత కూడా చేరింది. వేరే స్టోరేజీకి వెళ్లే దారి మూసుకుపోయాక వాళ్లు తక్కువకు ఒప్పుకున్నారు. మోసే బస్తా అదే, చెమట అదే. అది ఆదా కాదు, హమాలీ నుంచి యజమానికి మారిన డబ్బు. దాన్ని ఆదా గడిలో రాయడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది. 3 రూపాయల్లో ఒక రూపాయి అలాంటిదైతే నిజమైన ఆదా 1 లక్ష 80 వేలే, నష్టం 2 లక్షల 50 వేలు. లెక్క తిరగబడింది. పాత కంప్రెసర్ మార్చడం లాంటివి విలీనం లేకుండానే చేయగలిగితే వాటినీ తీసేయాలి.

రైతు మీద పడ్డ 9 లక్షల గురించి మీ అసలు ప్రశ్నకు ఈ లెక్క జవాబివ్వదు. కెనడాలో సుపీరియర్ ప్రొపేన్ అనే గ్యాస్ కంపెనీ విలీనం కేసు సరిగ్గా దీని మీదే నడిచింది. సంవత్సరానికి దాదాపు 2 కోట్ల 90 లక్షల కెనడా డాలర్ల ఆదా, కొనుగోళ్లు తగ్గడం వల్ల దాదాపు 30 లక్షల నష్టం అని అంచనా వేసి 2000లో ట్రిబ్యునల్ విలీనాన్ని అనుమతించింది. కొనుగోలుదారుల నుంచి కంపెనీకి మారే సొమ్మును అసలు పట్టించుకోకపోవడం తప్పని 2001లో అప్పీలు కోర్టు తిప్పి పంపింది. మళ్లీ విచారణలో విలీనమే నెగ్గింది. కానీ ఆ వాదనకు ఆధారమైన చట్ట నిబంధననే 2023లో కెనడా తొలగించింది.

మన పోటీ చట్టం, 2002లోని 20(4) సెక్షన్ విలీన ప్రయోజనాలు దాని చెడు ప్రభావాన్ని మించుతాయా అని కూడా చూడమంటుంది. ఇంత చిన్న స్టోరేజీల విలీనాలు మామూలుగా పోటీ కమిషన్ దాకా వెళ్లవు. కాబట్టి మీరు మీ ప్రాజెక్టు కోసం అడగవలసినవి రెండు: విలీనానికి ముందు కిరాయికి, ఖర్చుకు మధ్య తేడా ఎంత, ఆదా పద్దులో కరెంటు బిల్లు వాటా ఎంత, కూలి వాటా ఎంత.