ఇన్సర్షన్ సార్ట్ డ్రై రన్: మొదటి తప్పు ఏ గడిలో ఉందో పట్టుకోవడం

ప్రశ్న: మా డిగ్రీ సెకండ్ ఇయర్ స్టూడెంట్ ఒకరు ఇన్సర్షన్ సార్ట్ డ్రై రన్ చేతితో టేబుల్ గీసి రాశారు. ఆఖరి అర్రే తప్పు వచ్చింది. నేను సరైన టేబుల్ పక్కన పెట్టుకుని చూస్తుంటే మధ్యలో ఒకచోట నుంచి అన్నీ తప్పుగానే కనిపిస్తున్నాయి. అసలు తప్పు ఎక్కడ మొదలైందో ఎలా తెలుసుకోవాలి?

జవాబు:

సరైన టేబుల్‌ను ముందు పక్కన పెట్టేయండి. ఒక గడి తప్పితే ఆ తర్వాత వరుసల సంఖ్యే మారిపోతుంది. మీ ఏడో వరుసకూ స్టూడెంట్ ఏడో వరుసకూ పొంతన ఉండదు. స్టూడెంట్ రాసిన ప్రతి వరుసనూ తను రాసిన ముందు వరుసతోనే పోల్చాలి. "ఈ వరుస తప్పే అయినా, దీని నుంచి కోడ్ ప్రకారం వెళ్తే కింది వరుస ఇలాగే వస్తుందా?" అని అడుగుతూ పోవాలి. రాదు అనిపించిన మొదటి గడి దగ్గర ఆగాలి.

హనుమకొండలో నేను సి ల్యాబ్ చెప్పే రోజుల్లో చూసిన ఒక పేజీ నాకు ఇప్పటికీ గుర్తుంది. అది రాసిన అమ్మాయి పరకాల నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఇంటర్నల్స్‌కు ముందు రఫ్ నోట్స్ తెచ్చి, "సార్, మూడుసార్లు చేసిన, మూడుసార్లూ ఇదే వస్తుంది" అంది. మూడుసార్లూ ఒకే తప్పు జవాబు వచ్చిందంటే అది పరధ్యానంలో జరిగింది కాదు. తను ఏదో ఒక నియమాన్ని తప్పుగా పట్టుకుని, దాన్ని శ్రద్ధగా పాటిస్తోంది.

బోర్డు మీద ఇచ్చిన కోడ్ ఇది:

```c
for (i = 1; i < n; i++) {
    key = a[i];
    j = i - 1;
    while (j >= 0 && a[j] > key) {
        a[j+1] = a[j];
        j = j - 1;
    }
    a[j+1] = key;
}
```

తను రాసిన టేబుల్ ఇలా ఉంది. షరతు చూసిన ప్రతిసారీ ఒక వరుస, `key` ను అర్రేలో పెట్టినప్పుడు ఒక వరుస రాయమని చెప్పాను. షరతు నిజమైతే `T`, కాకపోతే `F`.

```
వరుస   i   key    j   షరతు   a
  1    1     8    0     T     23  8 41 15 12
  2    1     8   -1     F     23 23 41 15 12
  3    1     8   -1     -      8 23 41 15 12
  4    2    41    1     F      8 23 41 15 12
  5    2    41    1     -      8 23 41 15 12
  6    3    15    2     T      8 23 41 15 12
  7    3    15    1     F      8 23 41 41 12
  8    3    15    1     -      8 23 15 41 12
  9    4    12    3     T      8 23 15 41 12
 10    4    12    2     F      8 23 15 41 41
 11    4    12    2     -      8 23 15 12 41
```

పదకొండు వరుసలూ మొదటి నుంచి చదవక్కర్లేదు. ఒక్కో పాస్ ముగిసే వరుసలు చూస్తే చాలు. ఇక్కడ అవి 3, 5, 8, 11. ఇన్సర్షన్ సార్ట్‌లో పాస్ ముగిసేసరికి `a[0]` నుంచి `a[i]` వరకు ఉన్నవి చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసలో ఉండాలి. మూడో వరుసలో 8, 23 బాగున్నాయి. ఐదో వరుసలో 8, 23, 41 కూడా బాగున్నాయి. ఎనిమిదో వరుసలో 8, 23, 15 వచ్చాయి, అంటే వరుస చెడింది. కాబట్టి మొదటి తప్పు 6, 7, 8 వరుసల్లోనే ఉంది.

పది పన్నెండు సంఖ్యల పెద్ద టేబుల్ అయితే మధ్య పాస్ నుంచి మొదలుపెట్టండి. జరపడం వల్ల పాత సంఖ్యల ముందువెనుకలు మారవు. అందుకే ఒకసారి చెడిన వరుస, మళ్లీ ఇంకో తప్పు జరిగితే తప్ప, తర్వాతి పాస్‌లలో దానంతట అది బాగుపడదు. మధ్యలో బాగుంటే కింది సగం, చెడి ఉంటే పై సగం చూడండి.

ఇప్పుడు ఆ మూడు వరుసలు నెమ్మదిగా చూద్దాం. ఆరో వరుసలో `i` 3, `key` 15, `j` 2. 41 పదిహేను కంటే పెద్దది, కాబట్టి `T` సరైనదే. `T` అంటే 41 ను ఒక గడి కుడికి జరపాలి, `j` ఒకటి తగ్గాలి. ఏడో వరుస అర్రేలో 8 23 41 41 12 ఉంది, `j` 1 అయింది. రెండూ సరే.

చాలామంది ఇక్కడే ఎర్ర పెన్నుతో సున్నా చుడతారు. 41 రెండుసార్లు ఉంది, 15 కనిపించడం లేదు కాబట్టి ఇదే తప్పు అనుకుంటారు. కానీ ఇది తప్పు కాదు. పాస్ మధ్యలో 15 అర్రేలో ఉండదు, `key` లో భద్రంగా ఉంటుంది. `key` ను పెట్టేశాక కూడా 41 రెండుసార్లు ఉంటేనే తప్పు. నిజానికి ఈ జంట కనిపిస్తే నాకు ధైర్యం వస్తుంది. స్టూడెంట్ ఈ కోడ్‌నే నడుపుతోంది, పక్కపక్క సంఖ్యలను మార్పిడి చేసే వేరే పద్ధతిని కాదు అని అది చెబుతుంది.

తర్వాతి గడి షరతు. `j` 1 కాబట్టి `a[1]` అంటే 23. 23 పదిహేను కంటే పెద్దదా? పెద్దదే, `T` రావాలి. తను `F` రాసింది. మొదటి తప్పు ఈ గడి.

దాని కింద ఉన్న ఎనిమిదో వరుస మీద మాత్రం నింద వేయకూడదు. `F` వచ్చింది కాబట్టి లూప్ ఆగింది, `j` 1 కాబట్టి `key` ను `a[2]` లో పెట్టింది. కోడ్ చెప్పినట్టే చేసింది. అర్రే చెడినట్టు కంటికి కనబడేది ఎనిమిదో వరుసలో, తప్పు జరిగింది ఏడో వరుస షరతులో. మీకు "ఒకచోట నుంచి అన్నీ తప్పు" అనిపించడానికి కారణం ఇదే అనుకుంటాను. తను రాసిన దాని నుంచే ముందుకు వెళ్తే తొమ్మిదో వరుస సరైనది. పదో వరుసలో 15 పన్నెండు కంటే పెద్దదైనా మళ్లీ `F` ఉంది. పదకొండో వరుస దానికి తగ్గట్టే ఉంది. మొత్తం టేబుల్‌లో తప్పు గడులు రెండే, రెండూ ఒకే రకం. సరైన టేబుల్‌కు 14 వరుసలు వస్తాయి. దానితో పోల్చి ఉంటే నేను సగం పేజీ కొట్టేసేవాణ్ని. మొదట్లో అలాగే కొట్టేసేవాణ్ని కూడా, ఆ మార్కులు తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

గడి దొరికింది. మరి అక్కడ `F` ఎందుకు రాసింది? 23 ను దేనితో పోల్చితే `F` వస్తుంది? 23 అంతో, అంతకంటే పెద్దదో అయి ఉండాలి. ఆ వరుసలో అలాంటిది మరొకటి 41 మాత్రమే. ఒక 41 `a[2]` లో, ఇంకొకటి `a[3]` లో ఉంది. `i` 3 కాబట్టి `a[3]` అంటే `a[i]`. పదో వరుసలోనూ అంతే, `a[4]` లో ఉన్నది 41, పదిహేను దానికంటే చిన్నది. అంటే తను `key` తో పోల్చకుండా `a[i]` తో పోలుస్తోందేమో అని అనుమానం వచ్చింది. కానీ పక్కనే ఉన్న `a[j+1]` లోనూ 41 ఉంది కాబట్టి, ఏది చూసిందో పేజీ ఒక్కటే తేల్చలేదు. అడగాల్సిందే.

"ఈ గడిలో 23 ను దేనితో చూసినవమ్మా?" అన్నాను.

"41 తో సార్. `key` అంటే `a[i]` యే కద, పైన రాసింది కద" అంది.

`key = a[i]` అన్న వాక్యాన్ని తను లెక్కల సమీకరణంలాగా చదివింది. ఒకసారి సమానం అని రాస్తే ఎప్పటికీ సమానమే అనుకుంది. `key` కాలమ్‌లో 15 అని తనే సరిగ్గా రాసుకుంది, కానీ పోల్చేటప్పుడు చూపు ఆ కాలమ్ మీదకు వెళ్లలేదు, అర్రేలో `a[i]` మీదకు వెళ్లింది. ఆపాటికి అక్కడ 15 స్థానంలో 41 వచ్చి కూర్చుంది.

ఈ పొరపాటు మొదటి రెండు పాస్‌లలో ఎందుకు బయటపడలేదో కూడా చూడండి. మొదటి పాస్‌లో ఒకసారి జరపగానే `j` -1 అయింది, పోల్చే అవసరమే రాలేదు. రెండో పాస్‌లో అసలు జరపలేదు, `a[i]` లో 41 అలాగే ఉంది. తప్పు ఆలోచన మొదటి నుంచీ ఉంది, అది కనబడే అవకాశం ఏడో వరుసలోనే వచ్చింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. `while` ను `if` లాగా చదివే పిల్లలు కూడా ఉంటారు. ఒకసారి జరిపి వెంటనే `key` పెట్టేస్తారు. వాళ్లకూ ఆఖరికి 8 23 15 12 41 యే వస్తుంది. ఈ ఒక్క ఉదాహరణలోనే కాదు, ఏ అర్రే ఇచ్చినా ఈ రెండు పొరపాట్లకూ జవాబు ఒక్కటే. రెండింటిలోనూ ప్రతి పాస్ చివర అప్పటివరకు చూసిన వాటిలో పెద్దది కుడి కొసన ఉంటుంది. ఒకసారి జరపగానే అదే `a[i]` లోకి వస్తుంది. ఎడమవైపు ఏ సంఖ్యా దానికంటే పెద్దది కాదు కాబట్టి `a[i]` తో పోల్చేవాళ్లకు వెంటనే `F` వస్తుంది. రెండు పొరపాట్లూ చివరకు బబుల్ సార్ట్‌లో ఒక్క పాస్ చేసినట్టే అవుతాయి. ఆఖరి జవాబు చూసి ఏ పొరపాటో చెప్పడం కుదరదు. తేడా తెలిసేది ఒకసారి జరిపాక వచ్చే 2, 7, 10 వరుసల్లోనే. `if` అనుకున్నవాళ్ల టేబుల్‌లో ఆ వరుసల షరతు గడి ఖాళీగా ఉంటుంది, లేదా ఆ వరుసలే ఉండవు. షరతు కాలమ్ గీయించని టేబుల్ అయితే ఈ రెండింటినీ విడదీసే దారే ఉండదు.

ఇంకో పరిమితి కూడా ఉంది. పాస్ చివరలు చూసే పద్ధతి జవాబు చెడినప్పుడే పనిచేస్తుంది. కొందరు కంటితో చూసి సరైన వరుస రాసేస్తారు, మధ్య వరుసలు ఇష్టమొచ్చినట్టు నింపుతారు. వాళ్ల పాస్ చివరలన్నీ బాగానే ఉంటాయి. అక్కడ వరుసలు లెక్కపెట్టాలి. సరిగ్గా నడిచిన మూడో పాస్‌లో 15 కంటే పెద్దవి రెండున్నాయి, కాబట్టి రెండు `T` లు, ఒక `F` ఉండాలి.

ఆ అమ్మాయికి నేను నియమం మళ్లీ చెప్పలేదు. చిన్న కాగితం ముక్క చింపి, దాని మీద 15 అని రాసి, టేబుల్‌లో ఏడో వరుస పక్కన పెట్టాను. `a[3]` గడిని వేలితో మూసి, "ఇప్పుడు చూడు" అన్నాను. కాసేపు చూసి `F` కొట్టేసి `T` రాసింది. నాలుగో పాస్‌కు తనే ఇంకో ముక్క చింపి 12 రాసుకుంది. పద్నాలుగో వరుసలో 8 12 15 23 41 వచ్చింది.

మీ స్టూడెంట్ షరతు కాలమ్‌లో ఉత్త `T`, `F` లే రాసి ఉంటే, ఈసారి `23>15` అని రెండు సంఖ్యలూ రాయించండి. అప్పుడు దేనితో పోల్చారో ఆ గడిలోనే కనబడుతుంది. ఆ పేజీలో మొదటి తప్పు గడి దొరికాక ఇక్కడే రాయండి, ఎందుకు వచ్చిందో కలిసి చూద్దాం.