కీ ఇవాళ లీకైతే నిన్నటి ట్రాఫిక్ చదవగలరా?

ప్రశ్న: "సర్వర్ ప్రైవేట్ కీ ఎప్పుడో లీకైతే, అంతకు ముందు ఎవరో రికార్డ్ చేసి పెట్టుకున్న హెచ్‌టీటీపీఎస్ ట్రాఫిక్ అంతా చదివేయొచ్చా? ఎఫెమెరల్ కీలు వాడితే చదవలేరు అంటారు, అదెలా?"

కొంత ట్రాఫిక్ చదవొచ్చు, కొంత చదవలేం. అదే కీతో రెండు రకాలూ నేనే చూశాను.

అప్పట్లో నేను పనిచేసే చోట వెండర్ తరఫు మనిషి ఒకాయన సర్టిఫికెట్ రెన్యూవల్ పేరుతో `server.key` ఫైల్‌ని జిప్ చేసి పెద్ద మెయిల్ గ్రూప్‌కి పంపేశాడు. జిప్ పాస్‌వర్డ్ కూడా ఆ మెయిల్లోనే. (ఈ అలవాటు మనవాళ్లకి ఎప్పుడు పోతుందో!) మా మేనేజర్ గారేమో "పాత సర్టిఫికెట్ రివోక్ చేశాం, కొత్త కీ పెట్టాం, ఇంక టెన్షన్ ఎందుకండీ" అన్నారు. రివోక్ చేస్తే ఆ కీతో రేపు ఎవరైనా మన సర్వర్‌లా నటించడం కష్టమవుతుంది, అంతే. నిన్న రికార్డైన దానికి రివోక్‌తో సంబంధం లేదు.

టైమౌట్ల గొడవ తేల్చడానికి తీసిన పాత ప్యాకెట్ క్యాప్చర్లు మా దగ్గరే ఉన్నాయి. ఒకదాన్ని వైర్‌షార్క్‌లో తెరిచి, ఆ కీ ఇచ్చాను. లాగిన్ ఫామ్ మొత్తం, యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో సహా తెర మీదికొచ్చేసింది. మేనేజర్ గారు ఇంకేం మాట్లాడలేదు.

ఆ కనెక్షన్ సైఫర్ `TLS_RSA_WITH_AES_128_CBC_SHA`. ఈ పాత పద్ధతిలో బ్రౌజర్ 48 బైట్ల రహస్యం తయారు చేసి (అందులో రెండు బైట్లు వెర్షన్, మిగతాది ర్యాండమ్), దాన్ని సర్వర్ పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. సెషన్ కీలన్నీ ఆ రహస్యం నుంచి, హ్యాండ్‌షేక్‌లో బాహాటంగా వెళ్లే రెండు ర్యాండమ్ నంబర్ల నుంచి పుడతాయి. అంటే రికార్డ్ చేసినవాడి చేతిలో తాళం వేసిన పెట్టె అప్పటికే ఉంది, తాళంచెవి ఏ పదేళ్లకు దొరికినా చాలు. హ్యాండ్‌షేక్ మొదటి నుంచీ క్యాప్చర్‌లో ఉండాలన్నదొక్కటే షరతు.

లోడ్ బ్యాలన్సర్ మార్చాక తీసిన క్యాప్చర్‌కి కూడా అదే కీ ఇచ్చాను. ఒక్క బైటూ తెరుచుకోలేదు. అక్కడ సైఫర్ పేరు `TLS_ECDHE_RSA` తో మొదలవుతుంది. మీరడిగిన ఎఫెమెరల్ కీలు ఇవే: బ్రౌజర్ ఆ కనెక్షన్ కోసమే `a` అనే నంబర్ ఎంచుకుని, అందరికీ తెలిసిన `G` అనే బిందువుని దాంతో గుణించి `aG` పంపుతుంది, సర్వర్ కూడా అప్పటికప్పుడు `b` ఎంచుకుని `bG` పంపుతుంది. ఇద్దరూ `abG` లెక్కగట్టుకుంటారు, సెషన్ కీలు దాన్నుంచే వస్తాయి. ఆ తర్వాత `a`, `b` లను మెమరీలోంచి తుడిచేస్తారు. వైరు మీద వెళ్లింది `aG`, `bG` మాత్రమే, వాటి నుంచి `abG` రాబట్టడం నేటి కంప్యూటర్ల వల్ల కాదు. మరి ప్రైవేట్ కీ ఏం చేసింది? "ఈ `bG` పంపింది నేనే" అని సంతకం పెట్టింది. సంతకం పెట్టే కీ దొరికితే కొత్త సంతకాలు పెట్టొచ్చు గానీ, చెరిపేసిన `b` తిరిగి రాదు.

అందుకే "మాది 4096 బిట్ కీ" అని గొప్పలు పోయేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. కీ లీకయ్యాక పొడవుతో పనేముంది? 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు సర్వర్ మెమరీని అడిగినకొద్దీ 64 కిలోబైట్ల చొప్పున లాగగలిగారు, ప్రైవేట్ కీలు కూడా అలా బయటికొచ్చాయి. వాటి పొడవు ఎవరినీ కాపాడలేదు. 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3 ఆ పాత ఆర్ఎస్ఏ పద్ధతిని పూర్తిగా తీసేసి మంచి పని చేసింది.

అయితే ఎఫెమెరల్ పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లు మర్చిపోయేది సెషన్ టికెట్, అంటే అదే బ్రౌజర్ మళ్లీ వచ్చినప్పుడు పాత సెషన్‌ని కొనసాగించడానికి సర్వర్ ఇచ్చే చీటీ. టీఎల్ఎస్ 1.2లో సర్వర్ ఆ సెషన్ మాస్టర్ సీక్రెట్‌ని తన టికెట్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి బ్రౌజర్‌కి ఇస్తుంది, ఆ టికెట్ వైరు మీద అందరికీ కనిపించేలానే వెళ్తుంది. నాలుగు సర్వర్లకీ ఒకటే టికెట్ కీ కావాలని డిస్క్ మీద ఫైల్ పెట్టి ఏళ్ల తరబడి మార్చకపోతే, ఆ ఫైల్ లీకైన రోజున ECDHE సెషన్లు కూడా తెరుచుకుంటాయి. `a`, `b` చెరిపేసినా లాభం లేదు, వాటి ఫలితాన్ని టికెట్‌లో దాచి మనమే పంపాం కదా. టీఎల్ఎస్ 1.3లో సెషన్ తిరిగి మొదలైనప్పుడు మామూలుగా కొత్త ఎఫెమెరల్ మార్పిడి జరుగుతుంది కాబట్టి నయమే, కానీ జీరో ఆర్‌టీటీలో, అంటే హ్యాండ్‌షేక్ పూర్తికాకముందే, పంపే డేటాకి ఆ రక్షణ లేదు.

మీ సర్వర్ ఇంకా పాత పద్ధతికి ఒప్పుకుంటోందేమో ఇలా చూడండి:

```
openssl s_client -connect example.com:443 -tls1_2 -cipher kRSA
```

హ్యాండ్‌షేక్ ఫెయిలైతే మంచిదే. కనెక్ట్ అయిపోతే ఆ సైఫర్లు తీసేయండి, ఆ పూటే nginx కాన్ఫిగ్‌లో `ssl_session_ticket_key` ఏ ఫైల్‌ని చూపిస్తోందో, ఆ ఫైల్ తేదీ ఎప్పటిదో కూడా చూడండి.