ఐదు నెలల తర్వాత డాక్టరుకు జవాబు: ముందు ఏం రాయాలి?

ప్రశ్న: నా వయసు 47. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తాను. జనవరిలో మా డాక్టర్ గారు మెట్‌ఫార్మిన్‌కు తోడు గ్లిమెపిరైడ్ 2 ఎంజీ రాసి, రెండు వారాల షుగర్ రీడింగులు వాట్సాప్‌లో పంపమన్నారు. సీజన్ హడావుడిలో పంపలేదు. ఆయన ఒకసారి గుర్తు చేసినా పలకలేదు. ఇప్పుడు జూన్ వచ్చింది. క్షమాపణ రాయడం, చెరిపేయడం, ఇదే సరిపోతోంది. ఏ మొహం పెట్టుకుని రాయను? అన్నట్టు, ఫిబ్రవరిలో ఒకరోజు చేతులు వణికి చెమటలు పట్టాయి, ఆ కొత్త మాత్ర అప్పుడే ఆపేశాను.

జవాబు: మీరు ‘అన్నట్టు’ అంటూ చివర్లో తగిలించిన మాటే మీ డాక్టర్ గారికి అన్నిటికంటే ముందు తెలియాలి. గ్లిమెపిరైడ్ మీరు అన్నం తిన్నారా లేదా అని చూడదు, క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. కాటాలు ముగిసేదాకా భోజనం వాయిదా పడే వృత్తిలో మధ్యాహ్నానికి షుగర్ 70 కంటే కిందికి జారిపోయే అవకాశం ఉంది, మీరు చెప్పిన వణుకు, చెమటలు దాని లక్షణాలే కావచ్చు. ఈ సంగతి తెలియకపోతే మీరు నిర్లక్ష్యంగా మానేశారనుకుని, ఆయన అదే మాత్రను అదే మోతాదులో మళ్లీ మొదలుపెట్టమనవచ్చు.

ఓపీ మధ్యలో ఫోన్ చూసుకునే నాబోటి వాళ్లకు తెరమీద మొదట కనపడేది ఒకటి రెండు వరుసలే. అక్కడ ‘క్షమించండి సార్, నిజంగా తప్పయింది’ అని ఉంటే అది మర్యాదకు రాసినదనుకుని తర్వాత చూద్దామని పక్కన పెడతాం. పూర్తిగా చదివినా, పేషెంటు అంతగా నొచ్చుకుంటున్నాడే అని ‘పర్వాలేదండీ, వీలున్నప్పుడు రండి’ అని రాసి ఊరుకుంటాం. క్షమాపణకు జవాబు వచ్చింది గానీ మాత్ర సంగతి తేలనే లేదు. అందుకని మన్నింపు ఒక్క వాక్యం చాలు, అదీ విషయం చెప్పాక. సీజన్ గురించి మాత్రం తప్పక రాయండి, సాకుగా కాదు, మీ భోజనం వేళ ఎందుకు తప్పుతోందో ఆయనకు తెలియడానికి.

ఆయన పంపిన పాత మెసేజ్‌ను వేలితో పక్కకు జరిపి దానికే జవాబుగా రాయండి. మీ ఫైలు ఆ క్షణంలో ఆయన చేతిలో ఉండదు కాబట్టి పాత మాట కళ్లెదుట ఉంటే గుర్తుపట్టడం తేలిక. మెసేజ్ ఇలా ఉండవచ్చు, వివరాలు మీవి పెట్టుకోండి:

‘నమస్కారం డాక్టర్ గారూ. గుంటూరు నుంచి ఫలానా, జనవరిలో మీకు చూపించుకున్నాను. గ్లిమెపిరైడ్ 2 ఎంజీ ఫిబ్రవరిలో నేనే ఆపేశాను. సీజన్‌లో భోజనం మూడింటికి జరిగేది, అలాంటి ఒకరోజు చేతులు వణికి చెమటలు పట్టాయి. మెట్‌ఫార్మిన్ 500 రోజూ రెండుసార్లు వేసుకుంటున్నాను. ఈ ఉదయం పరగడుపున షుగర్ 168. ఇన్నాళ్లూ జవాబివ్వనందుకు మన్నించండి. మిగతా రీడింగులు శనివారం పంపుతాను. అప్పటిదాకా ఆ మాత్ర ఆపే ఉంచమంటారా? సోమవారం సాయంత్రం వచ్చి చూపించుకోవచ్చా?’

ఆ చివరి రెండు ప్రశ్నలకు ఆయన నడుస్తూ కూడా జవాబివ్వగలరు. ‘ఇప్పుడు నన్నేం చేయమంటారు’ అని అడిగితే కూర్చుని ఆలోచించి రాయాలి కాబట్టి మళ్లీ ఆలస్యం అవుతుంది, ఈసారి ఆయన వైపు నుంచి.

జనవరి నాటి రీడింగులు గుర్తు తెచ్చుకుని, ఉజ్జాయింపుగా రాసి పంపకండి. అవి నిజమైనా ఇప్పుడు పనికిరావు. మూడు రోజులు పరగడుపున, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు చూసి, ఏం తిన్నారో పక్కన రాసుకోండి. హెచ్‌బీఏ1సీ పరీక్ష గడిచిన రెండు మూడు నెలల సగటును చూపుతుంది కాబట్టి, మీరు పంపని రీడింగుల లోటును అది చాలావరకు తీరుస్తుంది. అయితే ఆ రిపోర్టు చేతికొచ్చాకే రాద్దామని ఆగితే మరో వారం పోతుంది. మెసేజ్ ఈరోజే పంపండి, రిపోర్టు వెనుక వెళుతుంది.

ఆయన చెప్పేదాకా ఆపిన మాత్రను సొంతంగా మళ్లీ మొదలుపెట్టకండి, మెట్‌ఫార్మిన్ మానకండి. మళ్లీ వణుకు వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంట తర్వాత షుగర్ చూసుకుని, వణుకు తగ్గాక ఏదైనా తినండి. షుగర్ 300 దాటి వాంతులు, విపరీతమైన దాహం, మగత ఉంటే మెసేజ్‌తో పని లేదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రెండు రోజుల్లో జవాబు రాకపోతే ఆయన కోపంగా ఉన్నారని ఊహించుకోకండి, మెసేజ్ కిందికి జారిపోయి ఉంటుంది. అప్పుడు మరో క్షమాపణ రాయకుండా, రిసెప్షన్‌కు ఫోన్ చేసి సోమవారానికి టోకెన్ తీసుకోండి.